మోడల్ అడిగితే మోడలే చెప్పమన్నారు

సార్, నమస్తే. ఆర్నెల్ల క్రితం మియాపూర్‌లో సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ కొన్నాం. బాత్రూంలో గీజరు ముందు ఓనర్లు వదిలేసి వెళ్లిందే. కంపెనీ పేరు కనిపిస్తోంది గానీ ఏ మోడలో, ఎప్పటిదో తెలీదు. బిల్లు లేదు, పుస్తకం లేదు. చలి మొదలయ్యాక కింద నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ట్యాంకుకి ఏడేళ్ల వారంటీ ఉంటుందని పక్కింటావిడ అంది. గీజరు ఫొటో పెట్టి, ఇది ఏ మోడలు, మాన్యువల్ పంపండి, వారంటీ ఉందా అని కంపెనీకి మెయిల్ పెట్టాను. రెండో రోజు జవాబొచ్చింది: "దయచేసి మోడల్ నంబరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ తెలపండి." అవి తెలిస్తే నేనెందుకు రాస్తాను సార్? వీళ్లకి ఎలా రాస్తే పనవుతుంది?
— ఒక గృహిణి, మియాపూర్

అమ్మా, ఆ జవాబు రాసినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. గృహోపకరణాల సర్వీసు సెంటర్లో చాలా ఏళ్లు చేశాను, చివరి కొన్నేళ్లు ఇలాంటి మెయిళ్లకు జవాబులిచ్చే బల్ల దగ్గరే కూర్చున్నాను. తెల్లటి గీజరు నిలువెత్తు ఫొటో ఒక్కటి వస్తే, పెళ్లి సంబంధానికి వీపు ఫొటో పంపినట్టుండేది మాకు. పదిహేను లీటర్ల గీజర్లన్నీ ముందు నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకే కంపెనీ, ఒకే డబ్బా, లోపల ట్యాంకు పూత మాత్రం వేరు. ఇంకో ఏడాది సరుకులో ఎలిమెంటు వేరు. బయట మారేది ఓ గీతో, ఓ నాబ్ రంగో. దాన్ని చూసి మోడల్ చెప్పేస్తే రేపు తప్పయినప్పుడు తిట్లు తినేది చెప్పినవాడే. కాబట్టి వాళ్లకు అప్పగించిన రెడీమేడ్ వాక్యం ఒకటి అతికించి పంపేస్తారు. మీకొచ్చింది అదే.

మీ గీజరు ఎవరో దానికే తెలుసు. ఒంటి మీద ఎక్కడో ఒక నేమ్ ప్లేటు అంటించి ఉంటుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా, వెండి రంగులోనో తెల్లగానో ఉండే స్టిక్కరు. గోడకు బిగించే గీజర్లకు అది తరచుగా పక్క వైపునో, అడుగున పైపులు దిగే చోటో ఉంటుంది. కింద నిలబడి తల ఎత్తితే కనిపించదు. బిగించినవాడు ఆ పక్కనే గోడ మూలకు తోసి ఉంటే మరీ కనిపించదు. మీరు పంపిన ఫొటోలో లేనిది, వాళ్లకు కావలసింది ఇదొక్కటే.

ఫొటో తీయబోయే ముందు గీజరు స్విచ్ ఆపితే చాలదు, బోర్డులో దాని ఎం.సి.బి. కూడా దించండి. మీకు బొట్లు పడుతున్నాయి కాబట్టి మరీ ముఖ్యం. తడి నేల మీద స్టూలు వేసుకుని చెయ్యి పైకి పెట్టి వెతికే పని ఇది. ఎవరినైనా స్టూలు పట్టుకోమనండి. అడుగునున్న ప్లాస్టిక్ మూత మాత్రం విప్పొద్దు. మన వెతుకులాటంతా బయటి వైపే. మూత వెనక వైర్లు, థర్మోస్టాటు ఉంటాయి, స్టిక్కరు కోసం అక్కడికి వెళ్లాల్సిన పని లేదు.

గోడకూ గీజరుకూ మధ్య సందులో తల దూరదు, ఫోను దూరుతుంది. ఫోన్లో వీడియో పెట్టి, టార్చి వేసి, ఆ సందులో మెల్లగా పైనుంచి కిందకి జరపండి. తరవాత కుర్చీలో కూర్చుని వీడియో ఆపి ఆపి చూడండి, స్టిక్కరు ఎక్కడుందో తెలిసిపోతుంది. అప్పుడు దానికొక్కదానికే దగ్గర నుంచి ఫొటో తీయండి. ఫ్లాష్ వేస్తే వెండి స్టిక్కరు తెల్లగా మెరిసి అక్షరాలు మాయమవుతాయి. ఫ్లాష్ ఆపి, వేరే ఫోను టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేయిస్తే చెరిగిపోయిన అచ్చు కూడా కాస్త లేచి కనబడుతుంది. పొడి గుడ్డతో దుమ్ము తుడవండి, అంతే. సర్ఫు నీళ్లు, స్పిరిట్, థిన్నరు జోలికి పోవద్దు. బాత్రూం ఆవిరికి ఏళ్ల తరబడి నాని ఉన్న ఇంకు ఒక్క రుద్దుకే పోతుంది. మా దగ్గరకు ఒకాయన శుభ్రంగా తుడిచి మెరిపించిన ఖాళీ స్టిక్కరు ఫొటో పంపాడు. అక్షరం లేదు. ఆయన శ్రద్ధకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అంకెలు పోయినా పక్కన బార్‌కోడ్ గీతలు నిలిచి ఉంటే అది అదృష్టం. ఫోన్లో బార్‌కోడ్ చదివే యాప్ పెట్టి చూపిస్తే, చాలాసార్లు సీరియల్ నంబరు మొత్తం తెర మీదకు వచ్చేస్తుంది. గీతల్లో సగం చిరిగినా పైభాగమో కిందభాగమో ఈ చివర నుంచి ఆ చివరికి నిండుగా ఉంటే చాలు. కంటికి కనిపించిన అంకెలను కాగితం మీద రాసుకునేటప్పుడు సున్నాకీ ఇంగ్లీషు ఓ అక్షరానికీ, ఎనిమిదికీ బీకీ, ఒకటికీ ఐకీ తేడా జాగ్రత్త. అనుమానంగా ఉన్న చోట ఊహించి నింపకండి, ప్రశ్నార్థకం పెట్టండి. సీరియల్లో ఒక్క అక్షరం తప్పితే కంప్యూటరు "ఇలాంటి సరుకు లేదు" అంటుంది. బల్ల దగ్గరున్నవాళ్లు అది నకిలీ సరుకేమో అన్న అనుమానంలో పడతారు.

ఇదే స్టిక్కరు మీద ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు, ఎంత పీడనం తట్టుకుంటుంది అన్నవి కూడా ఉంటాయి. 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉంటే సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుందన్నమాట. అంటే 16 ఆంపియర్ల ప్లగ్గే ఉండాలి. దానికి మామూలు చిన్న ప్లగ్గు తగిలించి ఉంటే కంపెనీ జవాబు కోసం ఆగకుండా ఎలక్ట్రీషియన్ని పిలవండి. పాత ఫ్లాట్లలో నేను తరచుగా చూసిన ఘనకార్యం ఇది.

స్టిక్కరు ఫొటోతో పాటు ఇంకో మూడు చాలు. కంపెనీ పేరు కనిపించేలా ముందు నుంచి ఒకటి, చల్లనీళ్ల పైపు, వేడినీళ్ల పైపు, వాల్వు కనిపించేలా అడుగు నుంచి ఒకటి, నక్షత్రాల లేబుల్ ఇంకా ఉంటే దానిదొకటి. ఈ మూడోదాన్ని జనం పట్టించుకోరు. ఫ్రిజ్జు మీద ఉన్నట్టే గీజరు మీద కూడా బీఈఈ వాళ్ల నక్షత్రాల లేబుల్ అంటిస్తారు. అందులో కంపెనీ పేరు, మోడల్ పేరు, సంవత్సరం వేసి ఉంటాయి. నేమ్ ప్లేటు గోడ వైపు ఉన్నా, ఈ లేబుల్ కొనేవాడికి కనపడాలి కాబట్టి ముందు వైపే ఉంటుంది. అందం కోసం ఎవరూ పీకెయ్యకపోతే మీ పని అక్కడే సగం అయిపోతుంది.

ఫొటోలు వాట్సాప్‌లో మీవాళ్లకు పంపి, అక్కడి నుంచి దింపి మెయిల్లో పెట్టకండి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని నలిపేస్తుంది, చిన్న అంకెలు అలుక్కుపోతాయి. ఫోన్లోంచి నేరుగా జతచేయండి. జీమెయిల్‌లో జతచేసినవన్నీ కలిపి 25 ఎంబీ దాటితే అది ఫైలు బదులు డ్రైవ్ లింకు పెడుతుంది. కంపెనీ ఆఫీసుల్లో బయటి లింకులు తెరవనివ్వరు. నా బల్ల మీద తెరుచుకునేవి కావు. నాలుగు ఫొటోలకు ఆ ఇబ్బంది రాదు. ఐఫోన్ అయితే ఫొటోలు జేపీజీ రకంలో వెళ్తున్నాయో లేదో చూసుకోండి. ఇంకో రకంలో వెళ్తే పాత కంప్యూటర్లలో నల్ల గడి తప్ప ఏమీ కనిపించదు.

ఇక మెయిల్. మీరు మూడు ప్రశ్నలూ ఒకే వాక్యంలో గుచ్చి పంపారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అవి మూడూ మూడు వేర్వేరు పనులు. మోడల్ చెప్పడం ఫొటో చూసి ఒక నిమిషంలో అయ్యేది. మాన్యువల్ అంటే ఫైలు వెతికి జతచేయడం. వారంటీ చెప్పాలంటే కొన్న తేదీ కావాలి, అది లేకపోతే అన్నీ ఆగిపోతాయి. మూడో ప్రశ్నకు సమాచారం లేదని మొదటి రెండూ కూడా పక్కన పెట్టి, మీకు ఆ రెడీమేడ్ వాక్యం పంపారు. కాబట్టి ప్రశ్నలు విడదీయండి. వారంటీ ప్రశ్నను వాళ్లు జవాబు చెప్పగలిగే రూపంలో అడగండి. "వారంటీ ఉందా" అంటే బిల్లు అడుగుతారు. "ఈ సీరియల్ సరుకు ఏ నెల, ఏ సంవత్సరం తయారైంది" అంటే బిల్లు లేకుండా చెప్పొచ్చు. చాలా కంపెనీలు తయారీ నెల, సంవత్సరం సీరియల్లోనే దాచి పెడతాయి. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి కాబట్టి బయట ఎవరో చెప్పిన సూత్రంతో మీరే విప్పుకోవద్దు.

నేనైతే ఇలా రాస్తాను. వాళ్ల ఆఫీసు భాషలోకి, చిన్న చిన్న వాక్యాలుగా, మీ పిల్లలతో మార్పించుకోండి.

"విషయం: 15 లీటర్ల గీజరు, మోడల్ గుర్తింపు, మాన్యువల్ కోసం. నేమ్ ప్లేటు ఫొటో జతచేశాను.

నమస్తే. నేను కొన్న పాత ఫ్లాట్‌లో మీ కంపెనీ గీజరు ఉంది. నేను మొదటి కొనుగోలుదారుని కాదు. నా దగ్గర బిల్లు, వారంటీ కార్డు లేవు. నేమ్ ప్లేటు మీద నాకు కనిపించినవి: 15 లీటర్లు, 2000 వాట్లు, సీరియల్ నంబరు (ఇక్కడ రాయండి, ఆరో అక్షరం సరిగా కనిపించలేదు, ఫొటో చూడగలరు). మోడల్ పేరు చెరిగిపోయింది.

1. దీని మోడల్ పేరు, నంబరు తెలపండి. ఖాయంగా చెప్పలేకపోతే ఏ సిరీస్‌దో తెలపండి.
2. ఆ మోడల్ లేదా సిరీస్ యూజర్ మాన్యువల్ పీడీఎఫ్ పంపండి.
3. సీరియల్ ప్రకారం ఇది ఏ నెల, ఏ సంవత్సరం తయారైంది? ఆ మోడల్‌కు మొత్తం సరుకు మీద, ఎలిమెంటు మీద, లోపలి ట్యాంకు మీద వారంటీ విడివిడిగా ఎన్నేళ్లు? ఇల్లు అమ్మినప్పుడు మిగిలిన వారంటీ కొత్త యజమానికి వర్తిస్తుందా?

ఫొటోలు నాలుగు: నేమ్ ప్లేటు, ముందు వైపు, అడుగు భాగం, నక్షత్రాల లేబుల్. ఊరు హైదరాబాదు, మియాపూర్."

ఈ మెయిల్లో బొట్ల సంగతి రాయలేదు, మీరు గమనించే ఉంటారు. కావాలనే వదిలేశాను. లీకేజీ అన్న మాట కనపడగానే మీ మెయిల్ సర్వీసు కాల్‌గా మారిపోతుంది. మోడల్ అడిగినవాళ్ల ఇంటికి మెకానిక్కు వస్తాడు, మెయిల్ మూసేస్తారు. వారంటీ లేదని తేలితే వచ్చినందుకు విజిట్ చార్జీ కూడా మీదే. మాన్యువల్ మాత్రం రాదు. ముందు ఇది ఏంటో తేలనివ్వండి, ఫిర్యాదు దాని తరవాత వేరే పెట్టొచ్చు. అయితే బొట్లు బాడీ లోపలి నుంచి, వైర్లు ఉన్న మూత అంచుల నుంచి కారుతుంటే ఈ ఓపిక పనికిరాదు. ఎం.సి.బి. దించేసి, నీళ్లు కట్టేసి, మనిషిని పిలిపించండి.

రెండో మెయిల్ కొత్తగా మొదలుపెట్టకండి. వాళ్లు మీకు పంపిన జవాబులో విషయం దగ్గర ఒక టికెట్ నంబరు ఉంటుంది. దానికే రిప్లై కొట్టండి. కొత్త మెయిల్ పెడితే కొత్త టికెట్ పుడుతుంది, కొత్త మనిషి దగ్గరకు వెళ్తుంది, మళ్లీ అదే రెడీమేడ్ వాక్యం. ఒకే మనిషి నాలుగు టికెట్లతో నాలుగు బల్లల మీద తిరగడం మా ఆఫీసులో రోజూ ఉండేదే.

ఇప్పుడు పక్కింటావిడ చెప్పిన ఏడేళ్ల సంగతి. ఆవిడ మాటలో నిజం ఉంది గానీ సగమే. గీజరుకు మూడు వారంటీలు ఉండడం మామూలు. మొత్తం సరుకు మీద రెండేళ్లు, ఎలిమెంటు మీద మూడో నాలుగో, లోపలి ట్యాంకు మీద ఐదో ఏడో ఇలా ఉంటాయి. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసేది ఆ ఆఖరి అంకె. ట్యాంకు వారంటీ అంటే ట్యాంకు రేకు చిల్లు పడి కారితే మాత్రమే. ఎలిమెంటు బిగించిన చోట రబ్బరు గ్యాస్కెట్టు పాడై కారినా, బయటి వాల్వు కారినా అది ట్యాంకు లెక్కలోకి రాదు. మాన్యువల్ ఎందుకు అడగాలో ఇక్కడ తెలుస్తుంది. వారంటీ షరతులు సాధారణంగా దాని చివరి పేజీల్లోనే ఉంటాయి. అందులో నీళ్ల గురించి ఒక షరతు ఉంటుంది, దాన్ని వెతికి చదవండి. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్ల వల్ల పాడైతే బాధ్యత లేదని చాలా కంపెనీలు రాసుకుంటాయి. మీ అపార్ట్‌మెంటుకు బోరు నీళ్లయితే మెకానిక్కు వచ్చీ రాగానే ఎలిమెంటు మీద తెల్లటి గార చూపించేది ఈ వాక్యం కోసమే.

తేదీ లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. మీ సీరియల్‌ను బట్టి గీజరు 2020 మార్చిలో తయారైందని వాళ్లు చెప్పారనుకోండి. ట్యాంకు మీద ఏడేళ్లు. బిల్లు లేకపోతే, దయ ఉన్న కంపెనీ తయారీ తేదీ నుంచే లెక్కగట్టి 2027 మార్చి దాకా ఇస్తుంది. కానీ ఆ గీజరు దుకాణంలో కొంతకాలం పడి ఉండి 2020 నవంబరులో అమ్ముడైంది, ఆ బిల్లు దొరికింది అనుకుందాం. గడువు 2027 నవంబరు దాకా నడుస్తుంది. ఒక కాగితం ముక్కకు ఎనిమిది నెలల విలువ. మొత్తం సరుకు వారంటీ, ఎలిమెంటు వారంటీ అయితే ఏ లెక్కన చూసినా ఎప్పుడో అయిపోయినట్టే. వాటి కోసం వాదన పెట్టుకోవద్దు.

మరి ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది? ముందు ఓనరు దగ్గర. ఆయన విదేశంలో ఉన్నా సరే, "బిల్లు ఉందా" అని అడిగితే "ఎక్కడో ఉండాలి" అంటారు. అలా అడగొద్దు. "ఆన్‌లైన్లో కొన్నారా, దుకాణంలో కొన్నారా" అని అడగండి. ఆన్‌లైన్లో కొని ఉంటే పాత ఆర్డర్లలో బిల్లు ఏళ్ల తరవాత కూడా దింపుకోవచ్చు. దుకాణంలో కొని ఉంటే "బిగించడానికి కంపెనీ మనిషి వచ్చాడా, అప్పుడు ఏ ఫోన్ నంబరు ఇచ్చారు" అని అడగండి. ఇది అసలైన తాళంచెవి. మా కంప్యూటర్లో కస్టమరును వెతికేది పేరుతో కాదు, ఇంటి నంబరుతో కాదు, ఫోన్ నంబరుతో. ఆ పది అంకెలు కొడితే ఏ మోడలు, ఏ రోజు బిగించారు, తరవాత ఎన్నిసార్లు మెకానిక్కు వచ్చాడు, అన్నీ ఒక పేజీలో వచ్చేవి. బిల్లు లేకపోయినా బిగించిన తేదీని ఆధారంగా తీసుకున్న సందర్భాలు నాకు తెలుసు. ఆయన నంబరు ఆయనకు చెప్పకుండా మెయిల్లో రాయకండి. ఒప్పుకుంటే ఆయన చేతే కంపెనీకి ఒక్క లైను పెట్టించండి, ఫ్లాట్ ఫలానావారికి అమ్మాను, గీజరు కూడా వాళ్లదే అని. ఫ్లాట్ బిల్డరు కొత్తగా ఇచ్చినప్పుడే గీజరు ఉందంటే బిల్లు బిల్డరు పేరు మీద, టోకున కొన్నది అయి ఉంటుంది. అప్పుడు అసోసియేషన్ వాళ్లను అడగండి. మీ బ్లాకులో అందరికీ అదే గీజరు, ఎవరో ఒకరి దగ్గర పుస్తకం ఉండే ఉంటుంది.

మొదటి కొనుగోలుదారుకే వారంటీ అని కొన్ని కంపెనీలు రాసుకుంటాయి, కొన్నింటిలో సరుకుతో పాటే పోతుంది. అందుకే మెయిల్లో మూడో ప్రశ్న చివర అది విడిగా అడిగించాను. మీరే కొన్నట్టు రాస్తే పని సులువవుతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వాళ్ల కంప్యూటర్లో ఇంకొకరి నంబరు మీద ఆ గీజరు కనపడిన క్షణం నుంచి మీ మిగతా మాటలు కూడా నమ్మరు.

మెయిల్ ఏ చిరునామాకి పంపారో మీరు రాయలేదు. మీకు జవాబొచ్చింది కాబట్టి బహుశా సరైనదే. అయినా ఒకసారి కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న చిరునామాతో పోల్చుకోండి. నెట్లో కస్టమర్ కేర్ అని వెతికితే పైన కనబడే ఫోన్ నంబర్లలో దొంగవి బోలెడు. వారంటీ నమోదుకు పది రూపాయలు కట్టమన్నా, ఫోన్లో ఏదో యాప్ వేసుకోమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది కంపెనీ కాదు. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

స్టిక్కరు పూర్తిగా పోయింది, నక్షత్రాల లేబుల్ కూడా లేదు అనుకుందాం. అప్పుడు ఐఎస్ఐ గుర్తు వెతకండి. గీజర్లకు ఆ గుర్తు పైన ఐఎస్ 2082 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొడితే ఆ లైసెన్సు ఏ తయారీదారుదో, ఏ ఊళ్లోదో చెబుతుంది. ముందు కనిపించే పేరు అమ్మే కంపెనీది, తయారీ వేరేవాళ్లది అయిన సందర్భాల్లో ఇది బాగా ఉపయోగం. అయితే ఆ నంబరు ఫ్యాక్టరీది, మీ గీజరుది కాదు. దానితో మోడల్ తేలదు, ఎవరిని అడగాలో తేలుతుంది.

వారం దాకా జవాబు రాకపోతే అదే టికెట్ మీద ఒక గుర్తుచేసే లైను పెట్టండి. మాన్యువల్ కోసమైతే అంతకు మించి పోట్లాడక్కర్లేదు, మోడల్ పేరు తెలిశాక కంపెనీ వెబ్‌సైటులోనే దొరకొచ్చు. ట్యాంకు గడువులోనే ఉందని రాతపూర్వకంగా చెప్పి తరవాత మాట మారిస్తే మాత్రం 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, ఉంది. అక్కడ మీ చేతిలో ఉండాల్సింది ఈ మెయిళ్లే. అందుకే మోడల్, తయారీ నెల, వారంటీ ఏళ్లు ఫోన్లో చెబుతామన్నా, "మెయిల్లో కూడా పెట్టండి" అనండి.

ఇక మీ బొట్లు. గీజరు అడుగున చల్లనీళ్లు లోపలికి వెళ్లే చోట ఇత్తడి వాల్వు ఒకటి, దానికి చిన్న మూతిలాంటి రంధ్రం ఉంటాయి. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి కదా. 20 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతాయి. పదిహేను లీటర్లకు అది పావు లీటరుకు కాస్త తక్కువ. వెనక్కి పోనివ్వని వాల్వు అయితే ఆ ఎక్కువైన నీళ్లకు దారి ఆ రంధ్రమే. చలికాలంలో నీళ్లు మరీ చల్లగా వస్తాయి, మీరూ ఎక్కువసేపు వేడి పెడతారు, బొట్లు ఎక్కువ కనిపిస్తాయి. అందుకని ముందు ఒక పరీక్ష చేయండి. ఆ రంధ్రం కింద గిన్నె పెట్టి, గీజరు వేసి, నీళ్లు వాడకుండా లైటు ఆరిపోయేదాకా ఆగండి. ఓ పెద్ద గ్లాసెడు లోపు పడి, చల్లారాక ఆగిపోతే అది వాల్వు తన పని తాను చేసుకోవడం. దాన్ని ప్లంబరుతో మూయించొద్దు, పొరపాటున కూడా. ఆ దారి మూస్తే పీడనం ట్యాంకు మీద పడుతుంది.

గీజరు వేయకపోయినా రోజంతా అక్కడి నుంచే పడుతుంటే వాల్వు మార్చాలి, లేదా పై ట్యాంకు నుంచి వచ్చే నీళ్ల పీడనం ఎక్కువై ఉండాలి. ఆ వాల్వు చిన్న ఖర్చు, దానికి ఏడేళ్ల వారంటీతో పని లేదు. రంధ్రం పొడిగా ఉండి, బాడీ అంచు నుంచి తుప్పు రంగు నీళ్లు దిగుతుంటే అప్పుడు ట్యాంకు మీద అనుమానం పెట్టుకోవాలి. లీకేజీ ఫిర్యాదు మెయిల్ రాయాల్సింది అప్పుడే, అదే టికెట్ మీద, ఆ తుప్పు చారల ఫొటోతో. గిన్నె పరీక్ష ఈ రాత్రే చేయండి. స్టిక్కరు ఫొటో మాత్రం రేపు పగటి వెలుతురులో తీయండి.